ఎన్నింటికి క్లాసు?

దిల్‌సుఖ్‌నగర్‌లో రెండో అంతస్తులో ఒక చిన్న కోచింగ్ సెంటరు ఉంది. గదిలో ఇరవై నాలుగు కంప్యూటర్లు, గోడకి ఒక వైట్‌బోర్డు, తలుపు పక్కన చెప్పుల స్టాండు. అక్కడ పాఠం చెప్పే మాస్టారు డిగ్రీ చదువుతూ ఏదో ఒక పనికి వెళ్లే పిల్లల కోసం పైథాన్ మొదటి కోర్సు పెట్టారు. మందుల షాపులో సాయంత్రాలు నిలబడేవాళ్లు, బట్టల దుకాణంలో బిల్లింగ్ చేసేవాళ్లు, బైకు మీద పార్సిళ్లు అందించేవాళ్లు ఆయన లెక్కలో ఉన్న విద్యార్థులు. కోర్సుకి ఒక ల్యాండింగ్ పేజీ చేయించుకున్నారు. అంటే వెతికినప్పుడో, ఎవరో పంపిన లింకు నొక్కినప్పుడో నేరుగా వచ్చి వాలే పేజీ. రెండు నెలలైనా ఆ పేజీ చూసి చేరినవాళ్లు లేరని నన్ను పిలిచారు.

పేజీ టైటిల్ ఇలా ఉంది: “ప్రపంచస్థాయి ప్రోగ్రామింగ్ శిక్షణతో మీ భవిష్యత్తును తీర్చిదిద్దుకోండి”. దాని కింద డిస్క్రిప్షన్‌లో అనుభవజ్ఞులైన అధ్యాపకులు, అత్యాధునిక ల్యాబు, వందశాతం ఉద్యోగ హామీ. ఇవే మాటలు నర్సింగ్ కాలేజీ ఫ్లెక్సీ మీదా అతుకుతాయి, డ్రైవింగ్ స్కూలు బోర్డు మీదా అతుకుతాయి.

నేను అక్కడ కూర్చున్న గంటలో మూడు ఫోన్లు వచ్చాయి. “సార్, ఎన్నింటికి క్లాసు?” అన్నది మొదటి గొంతు. రెండోది ఒక అమ్మాయి. “రాత్రి తొమ్మిదిన్నర దాకా షాపులో ఉంటాను సార్, పొద్దున బ్యాచి ఉందా?” మూడో అబ్బాయి ఇంకా సూటిగా అడిగాడు: “నాకు నైట్ డ్యూటీలు పడుతుంటాయన్నా. క్లాసు పోతే ఎట్లా?” ఒక్కరూ అధ్యాపకుల అనుభవం అడగలేదు, భవిష్యత్తు ఊసెత్తలేదు. నేను మాస్టారితో అన్నాను, “సార్, పేజీ మళ్లీ రాయడం తర్వాత చూద్దాం. ముందు ఒక నోట్‌బుక్కు తెచ్చి ఫోన్ పక్కన పెట్టండి. వారం రోజులు వాళ్లు అడిగింది అడిగినట్టు రాయండి.”

వారం తర్వాత చూస్తే నోట్‌బుక్కులో ప్రశ్నలు తిప్పి తిప్పి అయిదే. ఎన్నింటికి, ఎన్నాళ్లు, మొత్తం ఎంత, క్లాసు తప్పితే ఏం చేయాలి, ల్యాప్‌టాప్ లేకపోతే కుదురుతుందా. పనికి వెళ్లే విద్యార్థికి డబ్బుకన్నా ముందు టైం కుదరాలి. టైం కుదరనప్పుడు కోర్సు ఉచితమైనా అతనికి పనికిరాదు. కాబట్టి టైటిల్లో మొదటి మాట టైమే కావాలని నేను పట్టుబట్టాను. మాస్టారికి అది రుచించలేదు. “టైటిల్లో ఆరు గంటలని రాస్తే ఆరింటికి రాలేనివాళ్లు పేజీ తెరవనే తెరవరు కదా” అన్నారు. తెరవకపోవడమే మనకు కావలసింది. వాళ్లు తెరిచి, చదివి, ఫోన్ చేసి, కుదరదని తెలుసుకునే బదులు ఆ పని టైటిలే చేసిపెడుతుంది.

ఇక్కడ టైటిల్ అంటే ఏమిటో విడదీసి చెప్పాలి. ఒకటి పేజీ లోపల పెద్ద అక్షరాల్లో కనిపించే శీర్షిక. రెండోది పేజీ కోడ్‌లో దాగి ఉండి, గూగుల్ ఫలితాల్లో నీలిరంగు గీతలా కనిపించేది. డిస్క్రిప్షన్ కూడా అలాగే కోడ్‌లో ఉంటుంది, ఫలితం కింద రెండు మూడు చిన్న వరుసలుగా వస్తుంది. గూగుల్ టైటిల్‌ని అక్షరాలు లెక్కబెట్టి కోయదు, తెరమీద అది తీసుకునే వెడల్పు చూసి కోస్తుంది. కంప్యూటర్ మీద సుమారు 600 పిక్సెళ్లు దాటితే చివర చుక్కలు పడతాయి. ఇంగ్లీషులో అది దాదాపు 55, 60 అక్షరాలకు సరిపోతుందని ఈ పని చేసేవాళ్లు ఒక లెక్క పెట్టుకున్నారు.

ఆ లెక్క తెలుగుకి పనికిరాదు. “ప్రోగ్రామింగ్” అనే మాటలో మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో పదమూడు. ఒత్తుకి ముందున్న పొల్లు, గుణింతపు గుర్తు, సున్నా వేటికవే విడి యూనికోడ్ సంకేతాలు మరి. “పైథాన్” మూడు అక్షరాల మాట, లెక్కలో ఆరు. అక్షరాలు లెక్కించే పరికరంలో తెలుగు టైటిల్ పెడితే అది పొడవైపోయిందని ఎర్రగా చూపిస్తుంది, తెరమీద చూస్తే హాయిగా పడుతుంది. ఒక్కోసారి ఇందుకు తలకిందులుగానూ జరుగుతుంది, తెలుగు అక్షరాలు వెడల్పు కదా. అందుకే నేను లెక్క మానేసి, ముఖ్యమైన మాటలు ముందుకు తెచ్చి, చివర ఏది తెగినా నష్టం లేకుండా రాస్తాను.

మొదటి ప్రయత్నం “Python తెలుగులో: పనికి వెళ్లే విద్యార్థులకు పొద్దున 6 బ్యాచ్” అని రాశాం. చదవడానికి బాగానే ఉంది, కానీ చివర తెగితే పోయేది సరిగ్గా ఆ టైమే. తిరగేశాం: “పొద్దున 6 గంటల Python బ్యాచ్: పనిచేస్తూ చదివేవారికి, తెలుగులో”. ఇందులో తెగితే తెగేది “తెలుగులో”. టైటిల్ దాదాపు అంతా తెలుగు లిపిలోనే ఉంది కాబట్టి అది లేకపోయినా సంగతి అర్థమవుతుంది. సంస్థ పేరు టైటిల్లో పెట్టలేదు. ఊరంతా తెలిసిన పేరైతే ముందు పెట్టొచ్చు, ఈ సెంటరు పేరు దాని వీధి దాటి ఎవరికీ తెలియదు. మాస్టారు కాసేపు ముఖం చిన్నబుచ్చుకున్నారు, తర్వాత నవ్వేశారు.

పైథాన్‌ని ఇంగ్లీషు లిపిలో ఉంచడానికి కారణం ఉంది. ఫోన్లో మాట్లాడేది తెలుగే అయినా, వెతికేటప్పుడు పిల్లలు కొట్టేది `python classes in telugu` అని. మనం వాడే మాట, వాళ్లు కొట్టే మాట ఒకటైతే ఫలితాల్లో కన్ను అక్కడ ఆగుతుంది.

డిస్క్రిప్షన్‌లో మిగిలిన నాలుగు ప్రశ్నలకూ జవాబులు ఉండాలి. కోర్సు మంగళ, గురు, శనివారాల్లో గంటన్నర చొప్పున పన్నెండు వారాలు. వారానికి నాలుగున్నర గంటలు, మొత్తం 54 గంటలు. ఫీజు ఆరు వేలు, రెండు వాయిదాలు. క్లాసు రికార్డింగు అదే రోజు ఇస్తారు. ఇవన్నీ కలిపి కోడ్‌లో పెడితే ఇలా వచ్చింది:

```html
<meta charset="utf-8">
<title>పొద్దున 6 గంటల Python బ్యాచ్: పనిచేస్తూ చదివేవారికి, తెలుగులో</title>
<meta name="description" content="మంగళ, గురు, శని 6–7:30. 12 వారాలు, మొత్తం ₹6,000. క్లాసు తప్పితే అదే రోజు రికార్డింగ్. కోడింగ్ రానివారికి మొదటి నుంచి.">
```

మొదటి వరుస చూడటానికి అక్కర్లేని సరుకులా ఉంటుంది. అది లేకపోతే కొన్నిచోట్ల “ప” అనే అక్షరం తెరమీద `à°ª` అని పడుతుంది. తెలుగులో ఒక్కో గుర్తుకి మూడు బైట్లు పడతాయి. బ్రౌజరు వాటిని పాతకాలపు పట్టికలో మూడు వేర్వేరు అక్షరాలుగా చదివేస్తే వచ్చే గందరగోళం అది. ఆ వరుస పేజీ మొదటి 1,024 బైట్లలోపే ఉండాలి. అందుకే టైటిల్‌కన్నా పైన పెడతాం.

ఇంత కష్టపడి రాసినా గూగుల్ దాన్నే చూపిస్తుందన్న హామీ లేదు. వెతికినవాళ్లు కొట్టిన మాటలకి పేజీలో ఇంకేదైనా వాక్యం దగ్గరగా ఉందనిపిస్తే డిస్క్రిప్షన్ పక్కనబెట్టి ఆ వాక్యాన్ని ఎత్తి చూపిస్తుంది. 2021 ఆగస్టు నుంచి టైటిల్ విషయంలోనూ పేజీలోని శీర్షికలాంటివి చూసి మార్చే పద్ధతి ఎక్కువైంది. దీనికి మందు ఒకటే. లోపలి పెద్ద శీర్షికలోనూ అదే టైం, అదే మాట ఉండాలి. పేజీలో ప్రతి జవాబూ తనంతట తానే నిలబడే పూర్తి వాక్యంగా ఉండాలి. “అవును, ఉంది” అని రాస్తే ఎవరూ ఎత్తి చూపించలేరు. “క్లాసు తప్పితే ఆ రోజు రాత్రి ఎనిమిదిలోపు రికార్డింగు లింకు వాట్సాప్‌లో వస్తుంది” అని రాస్తే ఎక్కడ పెట్టినా అర్థమవుతుంది. ఇక కీవర్డులంటూ కోడ్‌లో ముప్పై మాటలు కుక్కే అలవాటు ఇంకా చాలామందికి ఉంది. ర్యాంకింగుకు ఆ ట్యాగు వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

ఈ పిల్లల మధ్య లింకు తిరిగేది గూగుల్లోకన్నా వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కువ. అక్కడ లింకు కింద వచ్చే చిన్న పెట్టెలోని మాటలకి `og:title`, `og:description` అనే విడి ట్యాగులు ఉంటాయి. మేం అన్నీ మార్చి సంబరంగా గ్రూపులో లింకు పెడితే, పెట్టెలో మళ్లీ ఆ ప్రపంచస్థాయి శిక్షణే ప్రత్యక్షమైంది. పేజీ చేసినతను ఆ ట్యాగుల్లో పాత మాటలు వదిలేశాడు. అవి మార్చాక కూడా, ముందే ఆ లింకు చూసిన ఫోన్లలో కొన్నిచోట్ల పాత పెట్టె కొన్నాళ్లు అంటిపెట్టుకునే ఉంది. కాబట్టి గ్రూపులో పెట్టకముందే లింకుని సొంత నంబరుకి పంపి చూసుకోవాలి.

వందశాతం ఉద్యోగ హామీ తీసేయడానికి మాస్టారు ఒప్పుకోవడానికి కొంత సేపు పట్టింది. “అందరూ వేస్తారు కదా” అన్నారు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో కోచింగ్ ప్రకటనలకి మార్గదర్శకాలు తెచ్చింది. ఉద్యోగం గ్యారంటీ అనే తప్పుడు హామీలు, సీట్లు అయిపోతున్నాయన్న ఉత్తుత్తి తొందర రెండూ అందులో నిషిద్ధమే. ఆ సంగతి అటుంచినా, 54 గంటల్లో ఏం వస్తుందో ఆయనకి నాకన్నా బాగా తెలుసు. షరతులు, లూపులు, ఫంక్షన్లు, ఫైలు చదవడం, రాయడం వస్తాయి. క్లాసులో ఎంతసేపు కూర్చున్నారో దాదాపు అంతసేపు ఇంట్లోనూ చేస్తేనే. ఉద్యోగానికి అది మొదటి మెట్టు కూడా పూర్తిగా కాదు. “అయితే ఏమని రాద్దాం?” అన్నారు. పన్నెండో వారంలో పిల్లలతో ఏం చేయిస్తారని అడిగాను. కిరాణా షాపు అరువు ఖాతా, అన్నారు. ఎవరు ఎంత బాకీ ఉన్నారో ఫైల్లో దాచి, పేరు కొడితే చూపించే ప్రోగ్రాము. పేజీలో ఉద్యోగ హామీ ఉన్నచోట అదే రాశాం: “చివరి వారానికి అరువు ఖాతా ప్రోగ్రాము మీరే రాస్తారు”. కొన్ని సీట్లే మిగిలాయన్న ఎర్ర పట్టీ తీసేసి, గదిలో ఇరవై నాలుగు కంప్యూటర్లున్నాయని రాశాం.

ల్యాప్‌టాప్ ప్రశ్న దగ్గర మాత్రం పేజీ రాతతో పని జరగలేదు. సగం మందికి ఉన్నది ఫోనే. మొదటి పాఠాలు ఆండ్రాయిడ్ ఫోన్లో పైడ్రాయిడ్ లాంటి యాప్‌తోనో, బ్రౌజరులో గూగుల్ కొల్యాబ్‌తోనో నడిపించొచ్చు. ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి చిన్న తెరమీద చేతులు కట్టేసినట్టుంటుంది. “మీ దగ్గర ల్యాప్‌టాప్ లేకపోతే” అని మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేయడానికి నా దగ్గర ఏమీ లేదు. మాస్టారు రెండు రోజులు ఆలోచించి, క్లాసు అయ్యాక తొమ్మిది దాకా గది తెరిచి ఉంచడానికి ఒప్పుకున్నారు. అప్పుడు వాక్యం పూర్తయింది.

ఫలితం ఎలా ఉందో చూడటానికి గూగుల్ సెర్చ్ కన్సోల్ ఉంది. ఏ మాట కొడితే పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు, అన్నీ చెబుతుంది. నేను దానితోపాటు ఆ నోట్‌బుక్కూ చూస్తాను. నొక్కినవాళ్లు పెరిగి, ఫోన్లో ఇంకా “ఎన్నింటికి?” అనే అడుగుతుంటే టైటిల్ పని చేయనట్టు. నెల తర్వాత వెళ్లినప్పుడు ఆ ప్రశ్న దాదాపు మాయమైంది. దాని స్థానంలో, వేర్వేరు తేదీల కింద మాస్టారి రాతలో మూడుసార్లు ఇంకోటి ఉంది: “సెమిస్టర్ పరీక్షలప్పుడు బ్యాచి ఆపుతారా సార్?”

“ఆపుతారా?” అన్నాను.

“ఇంకా అనుకోలేదండీ” అన్నారు, గోడమీద కేలెండరు కిందికి దింపుతూ.