అప్పు తీరే తేదీ, వీసా ముగిసే తేదీ: చదువయ్యాక అక్కడే ఉండాలా, తిరిగి రావాలా?

విదేశాల్లో ఎం.ఎస్. పూర్తి చేస్తున్న మన విద్యార్థులు మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. 'అక్కడే ఉండిపోవాలా, తిరిగి వచ్చేయాలా?' దీనికి ఇంట్లో ఒక జవాబు, స్నేహితుల దగ్గర ఇంకొకటి, ఉద్యమంలో మరొకటి దొరుకుతుంది. డబ్బు, ఉద్యోగంలో ఎదుగుదల, కుటుంబం అనే మూడు లెక్కలు వేసుకుని తేల్చుకోమని చాలామంది సలహా ఇస్తారు. సలహా మంచిదే. కానీ తాతల ఆస్తి ఉన్నవాళ్లు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి తూచుకోగలరు. మన పిల్లలకు అవి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అప్పు తీరేదాకా మిగతా రెండింటి గురించి స్వేచ్ఛగా ఆలోచించే వీలుండదు. అందుకే ముందు డబ్బు లెక్క చూద్దాం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మం జిల్లాలో ఒక దళిత కుటుంబం. నాన్న మేస్త్రీ, అమ్మ కూలికి వెళ్తుంది. కూతురు అమెరికాలోని టెక్సాస్‌లో కంప్యూటర్ సైన్స్ ఎం.ఎస్. చదివింది. ఫీజులు, ఖర్చులు అన్నీ కలిపి 50 లక్షలయ్యాయి. అందులో 20 లక్షలు తెలంగాణ ప్రభుత్వ అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి నుంచి వచ్చాయి. 25 లక్షలు తాకట్టు లేని విద్యారుణం, వడ్డీ 12 శాతం. అసైన్డ్ పట్టా ఉన్న ఎకరం మీద అంత పెద్ద రుణం పుట్టదు కాబట్టి వడ్డీ ఎక్కువైనా ఈ రుణమే దిక్కు. ఇంకో 5 లక్షలు ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు.

చదువుకునే రోజుల్లో బ్యాంకు వాయిదాలు అడగదు గానీ వడ్డీ మాత్రం ఆగదు. రుణంలో సగం మొదట్లో, సగం ఏడాది తర్వాత చేతికొచ్చిందనుకుంటే, రెండున్నరేళ్లకు 6 లక్షల వడ్డీ చేరి బాకీ 31 లక్షలవుతుంది. ఊరి అప్పు 5 లక్షలకు నెలకు పదివేల వడ్డీ. రెండున్నరేళ్లు కట్టకపోతే అది 8 లక్షలు. అంటే పట్టా చేతికొచ్చి జీతం మొదలయ్యే నాటికి ఈ అమ్మాయి మీద 39 లక్షల బాకీ ఉంటుంది.

ఇప్పుడు ఆమె వెంటనే తిరిగి వచ్చి హైదరాబాద్‌లో ఏడాదికి పది లక్షల ఉద్యోగంలో చేరిందనుకుందాం. కోతలు పోను చేతికి నెలకు సుమారు 70 వేలు వస్తాయి. బ్యాంకు బాకీని పదేళ్లలో తీర్చేలా పెట్టుకున్నా నెల వాయిదా 44,500. ఊరి అప్పుకు వడ్డీ ఒక్కటే పదివేలు. మిగిలేది 15,500. హాస్టలు, తిండి, బస్సు ఛార్జీలకే అది చాలదు. ఇంటికి పైసా పంపలేదు, ఊరి అప్పు అసలు తగ్గదు. ఒక్క నెల ఉద్యోగం పోయినా నోటీసు వెళ్లేది రుణంలో సహ దరఖాస్తుదారుగా సంతకం పెట్టిన నాన్నకు.

అదే అమ్మాయికి టెక్సాస్‌లో ఏడాదికి 85 వేల డాలర్ల ఉద్యోగం దొరికితే, పన్ను పోను నెలకు సుమారు 6,200 డాలర్లు వస్తాయి. గది ఇంకొకరితో పంచుకుని, పాత కారుతో సర్దుకుంటే 2,700లో నెల గడుస్తుంది. మిగిలిన 3,500 డాలర్లు, డాలర్‌కు 88 రూపాయల చొప్పున, మూడు లక్షలు దాటతాయి. అందులో లక్ష ఇంటికి, రెండు లక్షలు అప్పుకు కేటాయించిందనుకుందాం. బ్యాంకు వాయిదా పోను మిగిలినదంతా మొదట ఊరి అప్పుకు కడితే ఆరు నెలల్లో అది తీరిపోతుంది. ఆ తర్వాత రెండు లక్షలూ బ్యాంకుకు వెళ్తే మరో పదహారు నెలలు. మొత్తం 22 నెలలు.

ఇక్కడ జీతం చీటీని కూడా ఒకసారి చూసుకోవాలి. విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు. కొన్ని కంపెనీలు తెలియక కోసేస్తుంటాయి. 85 వేల డాలర్ల జీతంలో ఆ కోత ఏడాదికి 6,500 డాలర్లు. అడిగితే వెనక్కి వస్తుంది.

ఈ 22 నెలలను వీసా గడువు పక్కన పెట్టి చూడాలి. అమెరికాలో చదువయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పనిచేయవచ్చు. సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం చదివినవాళ్లకు మరో 24 నెలలు పొడిగింపు ఉంది. మొత్తం 36 నెలలు. మన ఉదాహరణలోని అమ్మాయికి హెచ్-1బీ లాటరీ ఒక్కసారి కూడా తగలకపోయినా, ఉద్యోగం కొన్ని నెలలు ఆలస్యమైనా, గడువులోపే అప్పు తీరుతుంది. మరో ఎనిమిది, పది నెలల జీతం చేతిలో ఉంచుకుని తిరిగి రావచ్చు. లాటరీ తగలకపోతే బతుకే పోయిందన్న భయం ఆమెకు అక్కర్లేదు. ఆమె జాగ్రత్త పడాల్సింది కొత్త కారు అప్పు విషయంలో. నెలకు 700 డాలర్ల వాయిదా తలకెత్తుకుంటే అప్పు తీరే తేదీ పది, పన్నెండు నెలలు వెనక్కి పోతుంది.

అదే సోషల్ వర్క్ లాంటి కోర్సు చదివినవాళ్లకు పొడిగింపు లేదు. అంతే జీతం వచ్చినా 12 నెలలు ముగిసేసరికి ఇంకా 19 లక్షలు మిగిలి ఉంటుంది. దానికి ఇండియాలో పదేళ్లపాటు నెలకు 27 వేలు కట్టాలి. భరించలేనిదేం కాదు గానీ, తిరిగి వచ్చాక ఏ ఉద్యోగం ఎంచుకోవాలో ఆ వాయిదానే నిర్ణయిస్తుంది. బ్రిటన్‌లో చదువు తర్వాత ఉండే గడువు రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు, పీహెచ్‌డీ వాళ్లకు తప్ప, అది 18 నెలలకు తగ్గుతోంది. ఎవరికి వారు తమ అంకెలతో ఈ లెక్క వేసుకోవాలి.

లెక్క తప్పేది ఎక్కువగా ఉద్యోగం దొరకనప్పుడు. ఓపీటీ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా గడిపిన రోజులు మొత్తం 90 దాటకూడదు. రోజులు దగ్గర పడుతుంటే కొందరు కన్సల్టెన్సీల్లో పేరు రాయించుకుని, లేని అనుభవం ఉన్నట్టు రెజ్యూమే రాయించుకుంటారు. అది బయటపడితే వీసా పోవడమే కాదు, మళ్లీ అమెరికా వెళ్లే దారే మూసుకుపోవచ్చు. మన దగ్గర మాత్రం అప్పు అలాగే ఉంటుంది. అరవయ్యో రోజుకు కూడా నిజమైన ఉద్యోగం లేకపోతే, బ్యాంకుకు ఫోన్ చేసి వాయిదా గడువు పెంచమని అడగడం, ఇంట్లో ఉన్న విషయం ఉన్నట్టు చెప్పడం మేలు.

ఇక ఎదుగుదల. తిరిగి రావడం ఎప్పుడైనా కుదురుతుంది, మళ్లీ వెళ్లడం అంత తేలిక కాదు. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన అమెరికా ఉత్తర్వు ప్రకారం, దేశం బయట ఉన్నవాళ్ల కోసం కొత్తగా హెచ్-1బీ వేసే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. అమెరికాలో ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవాళ్లకు ఈ రుసుము లేదని అక్కడి వలస విభాగం తర్వాత స్పష్టం చేసింది. లాటరీలో కూడా 2026 నుంచి జీతం స్థాయి ఎక్కువున్నవాళ్లకు ఎక్కువ అవకాశం ఇస్తున్నారు. అప్పుడే చదువు ముగించినవాళ్లకు ఇది నష్టం. ఈ నియమాలు తరచూ మారుతున్నాయి కాబట్టి టికెట్ కొనే ముందు ఆ నెలలో ఏది అమల్లో ఉందో చూసుకోవాలి.

ఇటువైపు కూడా కొన్ని తలుపులకు గడువుంది. సివిల్స్‌కు ఎస్సీ అభ్యర్థుల వయోపరిమితి 37 ఏళ్లు. యూనివర్సిటీలో పాఠం చెప్పాలనుకునేవాళ్లు విదేశీ డిగ్రీకి సమానార్హత పత్రం ముందే తెచ్చుకోవాలి. ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న యూనివర్సిటీ నుంచి పీహెచ్‌డీ ఉంటే అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు నెట్ అవసరం లేదని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. ప్రైవేటు కంపెనీల్లో రిజర్వేషన్ లేదు. అక్కడ మనకు పనికొచ్చేది రెండు, మూడేళ్ల నిజమైన పని అనుభవమే.

అక్కడికి పోతే కులం వదులుతుందనుకోవడం కూడా లెక్కలో పొరపాటే. ఒకే గదిలో ఉండే తెలుగువాళ్లు 'మీదే ఊరు, ఊళ్లో ఎటువైపు' అని అడిగే ప్రశ్న విమానం ఎక్కి మరీ వెళ్లింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అదే ఏడాది అక్టోబర్‌లో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ వీటో చేశారు. ఏ నగరంలో, ఎవరి కింద పనిచేస్తున్నామన్నది కూడా ఎదుగుదలలో భాగమే.

మూడోది కుటుంబం. ఇంటికి కావాల్సింది డబ్బా, మనిషా అన్నది విడదీసి చూడాలి. చెల్లి చదువు, ఇంటి స్లాబు, అమ్మ మందులు డబ్బుతో జరిగిపోతాయి. నాన్నకు వారానికి మూడుసార్లు డయాలసిస్ ఉండి, వెంట వెళ్లే మనిషి లేకపోతే లక్ష పంపినా ఆ లోటు తీరదు. అలాంటి ఇంట్లో అప్పు తీరకముందే రావాల్సి రావచ్చు. అప్పుడు పైన చెప్పిన 15,500 లెక్కను ఎంత మార్చగలమో చూసుకోవాలి. వాయిదా కాలం పెంచుకోవడం, ఊరి అప్పును మాత్రం ముందే తీర్చేసి రావడం లాంటి దారులున్నాయి. వీసా మార్పు నడుస్తున్నప్పుడు హఠాత్తుగా ఇంటికొస్తే తిరిగి వెళ్లడం కష్టం కావచ్చని కూడా ఇంట్లోవాళ్లకు ముందుగానే చెప్పి ఉంచాలి.

ప్రభుత్వ డబ్బుతో చదివినవాళ్లు మంజూరు పత్రాన్ని, బాండును మళ్లీ తీసి చదవాలి. ప్రభుత్వ సాయంతో జే-1 వీసా మీద అమెరికా వెళ్లినవాళ్లు రెండేళ్లు స్వదేశంలో ఉంటే తప్ప, మినహాయింపు లేకుండా, హెచ్-1బీకి గానీ గ్రీన్ కార్డుకు గానీ అర్హులు కారు.

'సమాజానికి తిరిగి ఇవ్వాలి కదా, ఎందుకు రావు?' అని ఉద్యమంలో అడిగేవాళ్లు బాబాసాహెబ్ ప్రయాణాన్ని పూర్తిగా చూడాలి. 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో ఆయన కొలంబియాకు వెళ్లారు. చదువయ్యాక పదేళ్లు సంస్థానంలో పనిచేస్తానని ఒప్పందం రాసిచ్చారు. 1917లో తిరిగి వచ్చి బరోడాలో ఉద్యోగంలో చేరితే ఆ ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. కొద్దిరోజులకే వదిలి రావాల్సి వచ్చింది. బొంబాయిలోని సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టి, 1920లో లండన్ వెళ్లి ఆగిన చదువు పూర్తి చేసుకుని 1923లో మళ్లీ వచ్చారు. మొదటిసారి గడువు ముగిసి వచ్చారు, రెండోసారి తన పని ముగించుకుని వచ్చారు.

కాబట్టి ఒక కాగితం మీద మూడు తేదీలు రాసుకోండి. అప్పు తీరే తేదీ, వీసా ముగిసే తేదీ, ఇంట్లో మనిషి అవసరమయ్యే తేదీ. మూడోది ఖచ్చితంగా తెలియకపోయినా ఇంట్లో అడిగి ఒక అంచనా రాయండి. హెచ్-1బీ నమోదు మార్చిలో జరుగుతుంది కాబట్టి ప్రతి ఏడాది ఆ నెలలో కాగితం తీసి సరిచూసుకోండి. అప్పు తేదీ వీసా తేదీ కంటే ముందుంటే, ఉండాలా రావాలా అన్నది మీ ఇష్టం. వెనకుంటే ముందు దాన్ని ముందుకు జరిపే పని చూడండి.