గోదారి అలా? రీలు రేణువా?

ఆదుర్తి సుబ్బారావు తీసిన ‘మూగమనసులు’ (1964) పాత ప్రింటులో చూస్తే, గోదారి మీద పడవ సాగే షాట్లలో తెరంతా సన్న ఇసుక చల్లినట్టు కదులుతుంటుంది. దీన్నే గ్రెయిన్ అంటారు. పాత సినిమాను బాగుచేస్తామంటూ ముందు దాన్నే తుడిచేసేవాళ్లున్నారు. నాకు భయం అక్కడే.

ఎందుకంటే ఆ ఇసుకే బొమ్మ. ఫిల్ము మీది జిలాటిన్ పొరలో వెండి లవణపు స్ఫటికాలుంటాయి. వెలుగు తగిలినవి డెవలపర్‌లో నల్లటి వెండిగా మారతాయి. ఒక్కో స్ఫటికం కంటికి ఆనదు. ఒకదాని మీద ఒకటి గుంపు కట్టినప్పుడే మనకు రేణువులా కనిపిస్తుంది. ఆ గుంపులు ఏ ఫ్రేములోనూ ఒకేలా ఉండవు, అందుకే ఆ కదలిక.

అయితే తెర మీది రేణువులన్నీ కెమెరాలో పుట్టినవి కావు. నెగటివ్ నుంచి మాస్టర్ పాజిటివ్, దాన్నుంచి డూప్ నెగటివ్, ఆ తర్వాత థియేటర్ ప్రింటు. ప్రతి మెట్టులోనూ కొత్త ఫిల్ము తన రేణువులు కలుపుతుంది. ఒక దృశ్యం కరిగి ఇంకోదానిలో కలిసే డిసాల్వ్‌ను ఆ రోజుల్లో మళ్లీ ఫొటో తీసి చేసేవారు. అందుకే పాత సినిమాల్లో డిసాల్వ్ దగ్గర బొమ్మ ఉన్నట్టుండి ముతకబారి, తర్వాతి కట్‌తో తేటపడుతుంది. అలాంటి ముతకను పక్క షాట్ల స్థాయికి దించితే తప్పేమీ లేదు.

చిక్కు నీళ్ల దగ్గర వస్తుంది. సాఫ్ట్‌వేర్ పక్కపక్క ఫ్రేములను పోల్చి, నిలిచి ఉన్నదాన్ని బొమ్మగానూ మారిపోయేదాన్ని గ్రెయిన్‌గానూ లెక్కేస్తుంది. గోడ ముందు ఈ లెక్క సరిపోతుంది. గోదారి అల మీది తళుకు మాత్రం రెండు ఫ్రేముల్లో ఒకే చోట ఉండదు. దాన్నీ గ్రెయిన్ అనుకుని చెరిపేస్తే పడవ కదులుతుంది, కింద నీరు కదలదు. సావిత్రి ముఖంలో చర్మపు నునుపు మైనపు నునుపైపోతుంది.

దీన్ని పట్టుకునే పరీక్ష ఒకటుంది. అసలు ఫ్రేములోంచి శుభ్రం చేసిన ఫ్రేమును తీసేసి, మిగిలిన తేడాను బాగా పెంచి చూడాలి. అందులో రూపం లేని నలుసులే ఉంటే సరే. వెలుగునీడలను బట్టి అవి ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా ఉండొచ్చు. కానీ పడవ అంచో, చీర కుచ్చిళ్లో, అలల గీతలో కనబడ్డాయంటే బొమ్మనే కోసేశారన్నమాట. అప్పుడు ఫిల్టర్ బలం తగ్గించాలి, లేదా నీళ్లున్న భాగాన్ని మాస్క్ చేసి వదిలేయాలి.

దుమ్ము, గీతలు నిస్సంకోచంగా తీసేయొచ్చు, అవి తర్వాత పడ్డవి. నెగటివ్ స్కాన్‌ను మాత్రం ఏ ఫిల్టరూ వేయకుండా దాచి, పనంతా నకలు మీద చెయ్యాలి. ఫోన్లకూ టీవీలకూ పంపే నకలులో గ్రెయిన్‌ను కొంత తగ్గించక తప్పదు. లేదంటే దాన్ని కుదించడానికే డేటా ఖర్చయిపోయి బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది. ఏవీ1 పద్ధతిలో దీనికో మార్గం ఉంది. పంపే ముందు గ్రెయిన్ తీసేసి, అది ఎంత ముతకగా, ఎంత దట్టంగా ఉందో కొలత మాత్రం జత చేస్తారు. చూసేవారి పరికరం ఆ కొలత ప్రకారం కొత్త గ్రెయిన్ పుట్టించి బొమ్మ మీద కలుపుతుంది. ఆ రేణువులు 1964 నాటివి కావు, కాబట్టి ఆ నకలును భద్రపరిచే ప్రతిగా లెక్కలో రాసుకోకూడదు.