ఒకే ఆట, ఎదుగుతున్న వెన్ను

ఏడాది పొడవునా ఒకే ఆటలో సాధన చేసే పిల్లల్లో అరుగుదల గాయాలు ఎక్కువ. కుర్ర ఫాస్ట్ బౌలర్ల వెన్ను ఇందుకు మంచి ఉదాహరణ. బంతి వేసే ప్రతిసారీ నడుము వెనక్కి వంగి, పక్కకు ఒరిగి, తిరుగుతుంది. పదమూడేళ్ల వయసులో వెన్నుపూస ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. విశ్రాంతి లేకుండా అదే చోట ఒత్తిడి పడితే సన్నని పగులు వస్తుంది. కుడిచేతి బౌలర్‌కు ఇది సాధారణంగా నడుము ఎడమవైపు వస్తుంది. వెనక్కి వంగితే నొప్పి, విశ్రాంతిలో ఉపశమనం దీని గుర్తులు. తొలిదశలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ పట్టిస్తుంది. మానడానికి నెలలు పడుతుంది.

ఈత, ఫుట్‌బాల్ వంటివి కలిస్తే భారం వేర్వేరు కండరాలకు, కీళ్లకు పంచుకుంటుంది. అయితే మొత్తం గంటలు పెరిగితే ఆ లాభం పోతుంది. జిమ్నాస్టిక్స్‌లో మాత్రం త్వరగా మొదలుపెట్టక తప్పదు.

మనసు అలసట అంత సులువుగా బయటపడదు. నిద్ర చెడటం, సాధనకు వెళ్లే వేళకే కడుపునొప్పి రావడం వంటివాటిని బద్ధకమని కొట్టిపారేయడం పెద్దల పొరపాటే. వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో విడతలుగా మూడు నెలలు ప్రధాన ఆటకు సెలవివ్వాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2016లో సూచించింది.