సాయంత్రం ఆరున్నర ఎవరికి?

మా అక్క కూతురు ఇంజనీరింగ్ ఆఖరి సెమిస్టర్‌లో హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంటర్న్‌గా చేరింది. చేరిన రెండో వారం, 2026 మార్చి 9 సోమవారం పొద్దున, టీమ్ లీడ్ మేడమ్ పిలిచి చిన్న పని అప్పజెప్పారు. గురువారం గంటసేపు డిజైన్ రివ్యూ ఉంది, అందరినీ అడిగి టైమ్ పెట్టమన్నారు. అందరూ అంటే మేడమ్ కాక నలుగురు సీనియర్లు. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డబ్లిన్‌లో, ఇద్దరు డాలస్‌లో.

ఆ మెయిల్ రాయడానికి మా పిల్లకి గంటన్నర పట్టింది. సబ్జెక్టులో మీటింగ్ గురించి అని మాత్రమే పెట్టింది. లోపల పదకొండు లైన్లు. క్షేమ సమాచారం, తన పరిచయం, మీ విలువైన సమయం తీసుకుంటున్నందుకు క్షమాపణ, ఇన్ని మెట్లెక్కాక చివర్న అసలు మాట: మీకు ఎప్పుడు వీలవుతుందో తెలియజేయగలరు.

సాయంత్రానికి జవాబులొచ్చాయి. డాలస్ పెద్దాయన, గురువారం పొద్దున ఎప్పుడైనా సరే అన్నారు. డబ్లిన్ ఆయన నాలుగు లోపు ముగించమన్నారు. హైదరాబాద్ సీనియర్ లంచ్ తర్వాత అన్నారు. డాలస్ రెండో ఆయన పలకలేదు. మేడమ్ పక్క సీట్లోంచే, ఏడున్నరకి నా క్యాబ్ అని గుర్తుచేశారు. పొద్దున, నాలుగు, లంచ్ తర్వాత... ఎవరి గడియారం వాళ్లదే. తప్పు వాళ్లది కాదు. ప్రశ్న గాల్లో వదిలితే జవాబూ గాల్లోంచే వస్తుంది.

మా పిల్ల పట్టు వదల్లేదు. ఫిబ్రవరిలో ఎవరో పంపిన పాత ఆహ్వానం వెతికి, డాలస్‌కీ మనకీ పదకొండున్నర గంటల తేడా అని లెక్కగట్టింది. డాలస్‌లో ఎనిమిదికి ముందు ఎవరూ రారు కాబట్టి మనకు రాత్రి ఏడున్నర. మేడమ్ క్యాబ్ పోతుంది, ఆ మాట ఆవిడకి చెప్పే ధైర్యం లేదు. అయినా రెండో మెయిల్ కొట్టింది: 12/03/2026, 7:30 PM IST / 8:00 AM CST.

డాలస్ నుంచి ఒక్క లైను జవాబొచ్చింది. "మా గడియారంలో ఎనిమిదా, తొమ్మిదా? అన్నట్టు, ఇది డిసెంబరు మీటింగా?"

అప్పుడు ఫోన్ నాకొచ్చింది. "మామయ్యా, నన్ను ఎగతాళి చేస్తున్నారా?" గొంతు వణుకుతోంది.

నేను ఇరవై ఏళ్లు ఇలాంటి మీటింగులు కుదర్చడంలోనే గడిపాను. ఎగతాళి కాదే అమ్మాయ్, రెండూ న్యాయమైన ప్రశ్నలే అన్నాను. అమెరికాలో నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు. మన మార్చి 12 వాళ్ల కంటికి డిసెంబరు 3. పక్కన గురువారం అని రాస్తే సరిపోయేదిగా అంటుందేమోనని క్యాలెండర్ తీసి చూపించాను. ఆ రెండు తేదీలూ ఏ ఏడాదైనా ఒకే వారం పడతాయి. రెంటి మధ్య సరిగ్గా 266 రోజులు, అంటే 38 వారాలు. కాబట్టి వారం పేరు కాపాడదు, నెలని అక్షరాల్లో రాయాల్సిందే.

గడియారం సంగతి ఇంకా తమాషా. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. ఆ ఏడాది అది మార్చి 8, అంటే మా పిల్ల మెయిల్ రాయడానికి సరిగ్గా ఒక్క రోజు ముందు. ఫిబ్రవరిలో పదకొండున్నర గంటలున్న తేడా ఆ సోమవారానికి పదిన్నర అయింది. CST అనేది డాలస్ చలికాలపు టైమ్. అక్షరాలా పట్టుకుంటే మా పిల్ల లెక్క తప్పు కాదు. కానీ ఆ వారం డాలస్‌లో గోడ గడియారం ఆ టైమ్‌లో లేదు. ఎనిమిది అని చదివినాయన తన గోడ మీది ఎనిమిదే అనుకుంటాడు, అప్పటికి మనకు ఆరున్నరే. పైగా చైనా వాళ్ల టైమ్‌నీ CST అంటారు. మన IST కూడా మన ఒక్కరి సొత్తు కాదు, వేసవిలో ఐర్లండ్ టైమ్‌కీ అదే పొట్టిపేరు. టీమ్‌లో డబ్లిన్ మనిషి ఉన్నప్పుడు ఆ మూడక్షరాలు రాయకపోవడమే మేలు. ఊరి పేరు రాస్తే ఈ గొడవే ఉండదు.

"గడియారం మారిందని నాకెలా తెలియాలి?" అంది. దానికో గుర్తుంది. డాలస్ వాళ్లు ప్రతి సోమవారం తొమ్మిదికి పెట్టే కాల్ మనకు రాత్రి ఎనిమిదిన్నరకి ఉండేది. ఆ సోమవారం క్యాలెండర్‌లో అది ఏడున్నరకి జరిగి కూర్చుంది. మా పిల్ల చూసింది కూడా, ఎవరో మార్చారనుకుంది.

ఇక అసలు పని. ముందు మేడమ్‌ని ఒక్క ప్రశ్న అడిగి రమ్మన్నాను: ఎవరు లేకపోతే ఈ రివ్యూ జరగదు? ఇద్దరు అని తేలింది. డాలస్ పెద్దాయన, డబ్లిన్ ఆయన. ఐదుగురి వీలు కలపబోతే వారం గడిచిపోతుంది, ఇద్దరిది కలపడం ఐదు నిమిషాల పని. డాలస్‌లో ఎనిమిది అయ్యేసరికి డబ్లిన్‌లో మధ్యాహ్నం ఒంటిగంట, మనకు సాయంత్రం ఆరున్నర. డబ్లిన్‌లో నాలుగు అయ్యేసరికి మనకు తొమ్మిదిన్నర. ఈ మూడు గంటల్లోనే ఏదో ఒక గంట. సరిగ్గా ఆరున్నరకి మొదలుపెడితే ఏడున్నరకి ముగుస్తుంది. మేడమ్ క్యాబ్ కూడా అందుతుంది! అమెరికా గడియారం మారడం మనకు ఇచ్చిన గంట అది. వారం ముందైతే ఈ వీలు ఉండేది కాదు.

మూడో మెయిల్ ఇంగ్లిషులోనే వెళ్లింది కానీ, తెలుగులో చెప్పుకుంటే ఇంతే:

సబ్జెక్ట్: డిజైన్ రివ్యూ, 1 గంట – 10 మార్చి లోగా ఒక టైమ్ ఎంచుకోండి

"అందరికీ నమస్కారం. నిన్నటి మెయిల్‌లో టైమ్ గందరగోళంగా రాశాను, దాన్ని వదిలేయండి. రెండు వీళ్లు:
1. గురువారం, 12 మార్చి: హైదరాబాద్ సాయంత్రం 6:30, డబ్లిన్ మధ్యాహ్నం 1:00, డాలస్ ఉదయం 8:00
2. శుక్రవారం, 13 మార్చి: అవే వేళలు
1 లేదా 2 అని రాస్తే చాలు. మంగళవారం మీ సాయంత్రం లోగా చెబితే బుధవారం క్యాలెండర్ ఆహ్వానం పంపుతాను."

జవాబు రాకపోతే ఒకటో నంబరే ఖాయం అని కూడా రాద్దామంది. ఆ ఇద్దరి విషయంలో వద్దన్నాను. తప్పనిసరి మనిషి మౌనంగా ఉంటే అంగీకారం అనుకోకూడదు, చాట్‌లో విడిగా అడగాలి. మిగతా వాళ్లని ఆహ్వానంలో ఐచ్ఛికం కింద పెడితే చాలు. ఆహ్వానం తయారుచేసేటప్పుడు టైమ్ జోన్ గడిలో Asia/Kolkata ఉందో లేదో ఒకసారి చూసుకోమన్నాను. అది సరిగా ఉంటే ఎవరి తెర మీద వాళ్ల ఊరి టైమ్ దానంతట అదే పడుతుంది.

మర్నాడు డాలస్ నుంచి జవాబొచ్చింది, ఒక్క అంకె: 1. డబ్లిన్ నుంచీ అంతే. మా పిల్లకి కొంచెం చిన్నబుచ్చుకున్నట్టయింది. "అంత కష్టపడితే ఒక్క అంకేనా మామయ్యా?" అంది. నిన్న వాళ్లు ఎన్ని లైన్లు రాయాల్సొచ్చిందో లెక్కపెట్టుకోమన్నాను.

గురువారం రివ్యూ ఏడుంపావుకే ముగిసిందట. తర్వాతి రివ్యూ ఏప్రిల్ 2న. ఆ రాత్రే మెసేజ్ పెట్టింది: "యూరప్‌లో గడియారం 29న మారుతుంది కదా, డబ్లిన్‌కి రెండు అని రాయాలా?"