99 శాతం గెలిచే బాట్ అకౌంట్‌ని ఎలా ఖాళీ చేస్తుంది?

ఈరోజు ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్ వల్ల చేస్తున్నాను. బీటెక్‌లో నా రూమ్మేట్ ఒకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "మామా, గోల్డ్ ట్రేడ్ చేసే బాట్ ఒకటి దొరికింది రా. నాలుగు నెలలైంది, ఒక్క లాస్ వారం లేదు. మూడు వేల డాలర్లు పెట్టాను, ఇప్పుడు 3,640. చెల్లి పెళ్లికి దాచిన నాలుగు లక్షలు కూడా ఇందులో వేద్దామనుకుంటున్నా, నువ్వు ఒకసారి లాజిక్ చూసి చెప్పు" అన్నాడు. (ఇలాంటి ఆఫ్‌షోర్ ఫారెక్స్ యాప్‌ల గురించి ఆర్బీఐ అలర్ట్ లిస్ట్ పెట్టింది. అది వేరే ఎపిసోడ్.)

స్టేట్‌మెంట్ పంపమన్నాను. లాట్ సైజు కాలమ్ చూడగానే అర్థమైపోయింది. 0.01, 0.02, 0.04, 0.08... తర్వాత మళ్లీ 0.01. అంటే గోల్డ్ కొంటుంది, ధర పడితే డబుల్ కొంటుంది, ఇంకా పడితే దానికి డబుల్. కాస్త పైకి రాగానే అన్నీ కలిపి చిన్న లాభంతో అమ్మేస్తుంది. దీన్నే మార్టింగేల్ అంటారు. మొదట్లో జూదగాళ్ల పద్ధతి. ఓడిన ప్రతిసారీ పందెం రెట్టింపు చేస్తే, ఎప్పుడో ఒకసారి గెలుస్తాం కదా, ఆ ఒక్క గెలుపుతో పోయిందంతా వచ్చేస్తుంది, పైన మొదటి పందెం అంత లాభం కూడా మిగులుతుంది. వినడానికి చాలా కరెక్ట్‌గా ఉంటుంది. నిజానికి ఆ లెక్కలో తప్పు కూడా లేదు. తప్పంతా "ఎప్పుడో ఒకసారి" అనే మాటలో ఉంది.

గోల్డ్‌ని కాసేపు పక్కన పెట్టి, కాయిన్‌తో చూద్దాం. బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే ఓటమి, సరిగ్గా సగం సగం. మొదటి పందెం 100 రూపాయలు. ఓడితే 200, మళ్లీ ఓడితే 400, అలా 800, 1,600, 3,200, 6,400. ఈ ఏడు కలిపితే 12,700. మన దగ్గర ఉన్నది సరిగ్గా అంతే అనుకోండి. ఎక్కడ గెలిచినా ఆ రౌండ్‌లో నికరంగా వచ్చేది 100 రూపాయలే. ఏడో పందెంలో గెలిచినా అంతే: అప్పటికి 6,300 పోయి ఉంటుంది, 6,400 వస్తుంది. కానీ ఏడూ వరసగా ఓడితే 12,700 పోతుంది.

వరసగా ఏడు సార్లు బొరుసు పడే అవకాశం 128లో 1. అంటే 128 రౌండ్లలో సగటున 127 సార్లు వంద రూపాయలు వస్తాయి, మొత్తం 12,700. ఒక్కసారి 12,700 పోతుంది. కూడితే సున్నా. బాట్ వాళ్లు చూపించే 99 శాతం విన్ రేట్ అబద్ధం కాదు, 127/128 అంటే 99.2 శాతం. కాకపోతే గెలుపుకి వంద, ఓటమికి పన్నెండు వేల ఏడు వందలు అన్న సంగతి ఆ పర్సంటేజీలో కనపడదు.

మరి ఎందుకు అంత సేఫ్‌గా అనిపిస్తుంది? ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే నా ఫ్రెండ్ తెలివితక్కువవాడు కాదు. మొదటి 50 రౌండ్లు ఒక్క దెబ్బ కూడా తగలకుండా దాటే అవకాశం లెక్కేస్తే దాదాపు 68 శాతం వస్తుంది. అంటే ఈ పద్ధతి మొదలుపెట్టిన వంద మందిలో 68 మందికి యాభై రౌండ్లూ లాభమే. వాళ్ల దగ్గర మెట్లెక్కినట్టు పైకి వెళ్లే గ్రాఫ్ ఉంటుంది, స్క్రీన్‌షాట్ ఉంటుంది, రీల్ చేసేది వాళ్లే. మిగతా 32 మంది రీల్ చేయరు. పైగా ఈ అరవై ఎనిమిది మందికి అది తమ అనుభవం. నెలల తరబడి కళ్లతో చూసింది. ఆ అనుభవంలో ఎక్కడా 128వ రౌండ్ లేదు, అంతే.

సరే, అసలు ప్రశ్న: ఈ 12,700ని డబుల్ చేయగలమా? దాని కోసం 127 రౌండ్లు వరసగా గెలవాలి. ఇది నేను మాటల్లో చెప్తే నమ్మకం కుదరదు, ఫోన్‌లో పైథాన్ యాప్ ఉన్నా రన్ చేసి చూడొచ్చు:

```python
import random

def run():
    cash, bet = 12700, 100
    while cash < 25400:
        if bet > cash:
            return False
        if random.random() < 0.5:
            cash += bet
            bet = 100
        else:
            cash -= bet
            bet *= 2
    return True

print(sum(run() for _ in range(10000)))
```

పది వేల మంది ఆడితే ఎంతమంది డబుల్ చేశారో ఇది ప్రింట్ చేస్తుంది. నంబర్ ప్రతిసారీ కొంచెం మారుతుంది కానీ 3,700 దగ్గరే తిరుగుతుంది. అంటే 37 శాతం. ఇప్పుడు దీన్ని మొరటు ఆటతో పోల్చండి: ఉన్న 12,700 మొత్తం ఒకే ఒక్క టాస్ మీద పెట్టేస్తే డబుల్ అయ్యే అవకాశం 50 శాతం! జాగ్రత్తగా, నిదానంగా, వంద వంద సంపాదించిన పద్ధతికి అంతకంటే తక్కువ. న్యాయంగా చెప్పాలంటే, మార్టింగేల్‌లో ఓడినవాడికి అంతకుముందు గెలిచిన వందలు మిగులుతాయి, ఒక్క టాస్ ఓడినవాడికి ఏమీ మిగలదు. కానీ ఆ మిగిలింది తదుపరి పందెం 12,800కి సరిపోదు, ఆట అక్కడితో ఆగిపోతుంది. ఆపకుండా ఆడుతూనే ఉంటే, ఆ ఏడు బొరుసులు రాకపోవడం అనేది ఉండదు. ఎప్పుడనేదే ప్రశ్న.

"మరి ఎక్కువ డబ్బు పెట్టుకుంటే?" అని కామెంట్స్‌లో తప్పకుండా అడుగుతారు. పది స్టెప్పులకి 1,02,300 కావాలి. దెబ్బ తగిలే అవకాశం 1,024లో 1కి తగ్గుతుంది. కానీ తగిలితే పోయేది లక్షా రెండు వేలు, గెలిస్తే వచ్చేది అదే వంద. కొన్నది సేఫ్టీ కాదు, కొంత టైమ్ మాత్రమే. ఇంకో విషయం, ఇదంతా సగం సగం కాయిన్‌తో చెప్పాను. నిజం ట్రేడ్‌లో స్ప్రెడ్, బ్రోకరేజ్, టాక్స్ ఉంటాయి. వాటి వల్ల గెలిచే అవకాశం 48 శాతానికి దిగిందనుకోండి, ఏడు వరస ఓటములు 97 రౌండ్లకి ఒకసారి వస్తాయి, ప్రతి రౌండ్‌కి సగటున 32 రూపాయలు మన జేబులోంచే పోతాయి. పందెం సైజు ఎలా మార్చినా ఆ మైనస్‌ని ప్లస్ చేయలేం.

ఇప్పుడు "నేను బాట్‌లు వాడను అన్నా, మంచి షేర్ పడితే యావరేజ్ చేస్తాను, అంతే" అనేవాళ్ల దగ్గరికి వద్దాం. యెస్ బ్యాంక్ తీసుకుందాం, ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని యావరేజ్ చేయనివాళ్లు తక్కువ. 2018 ఆగస్టులో షేర్ 400 దగ్గర ఉంది. ఒకాయన 40,000 పెట్టి 100 షేర్లు కొన్నాడనుకోండి. ఆ ఏడాదిలోనే 200కి వచ్చింది, ఇంకో 40,000 పెట్టి 200 షేర్లు. 2019లో 100కి వచ్చినప్పుడు 400 షేర్లు, 50కి వచ్చినప్పుడు 800 షేర్లు. మొత్తం పెట్టింది 1,60,000, చేతిలో 1,500 షేర్లు, సగటు ధర 106 రూపాయల 67 పైసలు.

యాప్‌లో కనపడేది ఆ సగటు ధర మాత్రమే. 400 నుంచి 107కి దిగింది, బ్రేక్ ఈవెన్ దగ్గరికొచ్చింది అనిపిస్తుంది. యాప్‌లో కనపడనిది ఇంకోటి ఉంది. మొదట్లో షేర్ ఒక రూపాయి పడితే ఈయనకి పోయేది 100 రూపాయలు. ఇప్పుడు ఒక రూపాయి పడితే పోయేది 1,500. ధర పడేకొద్దీ, అంటే కంపెనీలో ఏదో తేడా ఉందన్న అనుమానం పెరిగేకొద్దీ, ఈయన దాని మీద పెట్టిన బరువు పెరుగుతూ వచ్చింది. కాయిన్‌కైనా గుర్తుండదు, నిన్నటి బొరుసుకీ ఇవాళ్టి టాస్‌కీ సంబంధం లేదు. షేర్ అలా కాదు, పడటానికి కారణం ఉంటే అదే కారణం రేపు కూడా ఉంటుంది.

2020 మార్చి 5న ఆర్బీఐ ఆ బ్యాంకు మీద మారటోరియం పెట్టింది, డిపాజిటర్లకి విత్‌డ్రా లిమిట్ 50,000. మర్నాడు షేర్ ఒక దశలో ఆరు రూపాయల లోపుకి వెళ్లింది. తర్వాత రీకన్‌స్ట్రక్షన్ స్కీమ్‌లో, వందకి మించి షేర్లు ఉన్నవాళ్లకి 75 శాతం మూడేళ్లు లాక్. మన 1,500 షేర్ల ఆయనకి 1,125 లాక్. మొదటి 100తో ఆగిపోయి ఉంటే పోయేది గరిష్ఠంగా 40,000, లాక్ కూడా ఉండేది కాదు. నాలుగింతలు పెట్టింది యావరేజింగే.

అలాగని ప్రతి నెలా ఇండెక్స్ ఫండ్‌లో ఎస్ఐపీ వేయడం ఇదే అని కాదు. అక్కడ నష్టం వచ్చిందని మొత్తం పెంచడం లేదు, జీతంలోంచి అదే ఐదు వేలు వెళ్తుంది, పాడైన కంపెనీని ఇండెక్స్ బయటికి పంపేస్తుంది. ఇండెక్స్ కూడా పడుతుంది, కానీ అందులోని ఒక్క కంపెనీ మూతపడితే మీరు మూతపడరు. మూడు విడతల్లో కొంటాను, ఈ ధర దిగితే మొత్తం అమ్మేస్తాను అని ముందే రాసిపెట్టుకున్నవాడిది కూడా వేరే ఆట. ఆయనకి పోయే గరిష్ఠ మొత్తం మొదటి రోజే తెలుసు.

మళ్లీ నా ఫ్రెండ్ దగ్గరికి. వాడు చూస్తున్న 3,640 అనేది బ్యాలెన్స్. బ్యాలెన్స్‌లోకి క్లోజ్ అయిన ట్రేడ్‌లే వస్తాయి. ఈ బాట్ నష్టంలో ఉన్నది క్లోజ్ చేయదు కాబట్టి బ్యాలెన్స్ గ్రాఫ్ ఎప్పుడూ పైకే ఉంటుంది. "దాని పక్కన ఈక్విటీ అని ఉంటుంది, అదెంతో చదువు" అన్నాను. కాసేపు మాట లేదు. "2,210 మామా." ఆరు స్టెప్పులు ఓపెన్‌లో ఉన్నాయి, 0.01 నుంచి 0.32 వరకు, మొత్తం 0.63 లాట్. అంటే 63 ఔన్సులు, గోల్డ్ ఒక డాలర్ పడితే 63 డాలర్లు. తర్వాత వచ్చేది 0.64, అది పడితే డాలర్‌కి 127. మన కాయిన్ ఆటలో నంబరే.

ఆ రాత్రే అన్నీ క్లోజ్ చేసి డబ్బు వెనక్కి తీసుకున్నాడు. మూడు వేలలో 790 డాలర్లు పోయాయి. రెండు రోజుల తర్వాత గోల్డ్ మళ్లీ పైకి వచ్చింది, మళ్లీ ఫోన్. "నీ మాట వినకుండా ఉంచి ఉంటే ప్రాఫిట్‌లో ఉండేవాణ్ణి రా." నిజమే, ఉండేవాడు. ఏడో స్టెప్ దగ్గర సగం సార్లు అలాగే అవుతుంది, లేకపోతే ఈ బాట్‌లు ఇన్ని నెలలు ఎవరూ నడపరు. "మరి ఆ నాలుగు లక్షలు?" అని అడిగాను. ఎఫ్‌డీలోనే ఉన్నాయట. పెళ్లి ఫిబ్రవరిలో.