సిస్టం పోయిందంటే ఏం పోయినట్టు?

కంప్యూటర్ రిపేరు షాపులో రోజూ వినిపించే మాట ‘సిస్టం క్రాష్ అయిందండీ’. ఏమైందని అడిగితే ఒకరు తెర నల్లబడిందంటారు, ఒకరు మౌసు కదల్లేదంటారు, ఇంకొకరు ఎక్సెల్ దానంతటదే మూసుకుపోయిందంటారు. ఈ మూడింటి వెనక కారణాలు వేరు, రిపేర్లూ వేరు. పైగా షాపులో బల్ల మీద పెట్టేసరికి అది బుద్ధిగా పనిచేస్తూ ఉంటుంది. అప్పుడు మెకానిక్‌కు దిక్కు మీరు చెప్పే మాటే. విండోస్ కంప్యూటర్ సంగతే చూద్దాం.

క్రాష్ అంటే పని అక్కడితో ఆగిపోవడం. ప్రోగ్రామ్ క్రాష్ అయితే దాని కిటికీ మాయమవుతుంది, మిగతావన్నీ మామూలుగా నడుస్తుంటాయి. విండోసే క్రాష్ అయితే తెరంతా ఒకే రంగు పరుచుకుని, అడుగున స్టాప్ కోడ్ కనిపించి, సాధారణంగా దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. ఇన్నేళ్లూ ఆ తెర నీలం. 2025లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో దాన్ని నలుపు చేసింది. కాబట్టి నల్ల తెర మీద అక్షరాలున్నాయా లేదా అన్నది ముందు చూడాలి. అక్షరాలుంటే అది క్రాష్. ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే చాలు.

హ్యాంగ్, ఫ్రీజ్ అన్న రెండు మాటల్నీ జనం కలిపే వాడతారు. ఒక్క ప్రోగ్రామ్ బిగుసుకుపోతే హ్యాంగ్, మొత్తం యంత్రమే బిగుసుకుపోతే ఫ్రీజ్ అనుకుంటే సరిపోతుంది. ఒక కిటికీ కొన్ని సెకన్లపాటు మన క్లిక్కులకు బదులివ్వకపోతే విండోస్ దాని పేరు పక్కన Not Responding అని రాస్తుంది. అంటే చచ్చిపోయిందని కాదు. పెద్ద ఫైలు తెరుస్తూనో, నెట్‌వర్క్ నుంచి జవాబు కోసం ఎదురుచూస్తూనో ఉండొచ్చు. ఒకట్రెండు నిమిషాలు ఆగితే తేరుకోవడం మామూలే.

ఫ్రీజా కాదా తేల్చుకోవడానికి క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతోందంటే విండోస్ లోపల ఇంకా మెలకువగానే ఉందన్నమాట. Ctrl+Shift+Esc నొక్కితే టాస్క్ మేనేజర్ రావచ్చు. లైటు కదలక, మౌసు కదలక, మూలనున్న గడియారమూ ఆగిపోతే అది ఫ్రీజ్. అప్పుడు డ్రైవర్ వైపో, ర్యామ్, డిస్క్, వేడి వైపో వెతకాలి.

అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది అక్షరం ముక్క లేని నల్ల తెర. ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఆన్‌లైన్ క్లాసు వింటోందనుకోండి. ఉన్నట్టుండి తెర నల్లబడింది, మాస్టారి గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంది. ఈ ఒక్క గమనికతోనే సగం చిక్కు వీడినట్టే: కంప్యూటర్ నడుస్తోంది, చూపించడంలోనే లోపం. Win+Ctrl+Shift+B నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, మామూలుగా ఒక బీప్ వినిపిస్తుంది. బీప్ వచ్చింది, బొమ్మ రాలేదు. గదిలో దీపం ఆర్పి, ఫోన్ టార్చిని తెర మీదికి ఏటవాలుగా వేసింది. మాస్టారి బొమ్మ మసకమసకగా కనిపించింది. అంటే బొమ్మ వస్తోంది, దాని వెనక వెలగాల్సిన బ్యాక్‌లైట్ వెలగడం లేదు. (ఓఎల్‌ఈడీ తెరలకు బ్యాక్‌లైటే ఉండదు గనక ఈ పరీక్ష వాటికి పనికిరాదు.) మూతను కాస్త వంచితే వెలుగు వచ్చి పోతోంది. ఇక అనుమానం కీలు గుండా తెరకు వెళ్లే కేబుల్ మీదికి పోతుంది.

ఇదే అమ్మాయి ‘సిస్టం క్రాష్’ అని ఫోన్ చేసి ఉంటే, ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అనే జవాబు రావడానికి ఎంతో సేపు పట్టదు. డేటా పోయేది, తెర అలాగే ఉండేది. దాని బదులు ఇలా చెప్పిందనుకోండి: “క్లాసు నడుస్తుండగా తెర నల్లబడిందండీ. సౌండ్ ఆగలేదు. క్యాప్స్ లాక్ లైటు వెలుగుతోంది. టార్చి వేస్తే బొమ్మ కనిపిస్తోంది. మూత వంచితే ఒక్కోసారి వెలుగొస్తోంది.” ఇందులో జబ్బు పేరే లేదు, కనిపించిందీ వినిపించిందీ మాత్రమే ఉంది. మెకానిక్ నేరుగా స్క్రూలు విప్పి కేబుల్ చూస్తాడు.

ఇంకొక్కటి మరిచిపోకుండా చెప్పాలి: యంత్రం దానంతటదే రీస్టార్ట్ అయిందా, మీరే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపారా? ఈవెంట్ వ్యూయర్ చూస్తే తెలిసిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిన ప్రతిసారీ విండోస్ అక్కడ Kernel-Power 41 అనే రాస్తుంది. కరెంటు పోయినా అదే, క్రాష్ అయినా అదే, విసుగొచ్చి మీరు బటన్ నొక్కినా అదే. ఆ అంకె ఒక్కటే చూసి పవర్ సప్లై మార్చేసిన వాళ్లున్నారు. ఆ క్షణంలో మీ వేలు బటన్ మీద ఉందో లేదో ఆ అంకె చెప్పదు, మీరే చెప్పాలి.