జవాబు తప్పా, ప్రశ్న మారిందా?

కింది రెండు సమీకరణాలు పదో తరగతి లెక్కల పుస్తకంలో కనిపించే తరహావే. కంప్యూటర్ గణనలో వచ్చే పొరపాట్ల గురించి పాఠాలు చెప్పేవారికి మాత్రం ఇవి పాత పరిచయం.

```
0.780x + 0.563y = 0.217
0.913x + 0.659y = 0.254
```

ఇద్దరు వీటిని సాధించి రెండు వేరు వేరు జవాబులు తెచ్చారనుకుందాం. మొదటివారిది x = 0.999, y = −1.001. రెండోవారిది x = 0.341, y = −0.087. ఎవరి జవాబు మేలు?

బడిలో నేర్పినట్టు జవాబులను సమీకరణాల్లో వేసి చూద్దాం. మొదటి జవాబు వేస్తే ఎడమవైపు 0.215657, 0.252428 వస్తాయి. రావలసినవి 0.217, 0.254 కాబట్టి మూడో దశాంశ స్థానంలోనే తేడా తేలింది. రెండో జవాబు వేస్తే 0.216999, 0.254000 వస్తాయి. మొదటి సమీకరణంలో పది లక్షల్లో ఒక వంతు తేడా, రెండోదానిలో అసలు తేడాయే లేదు. పరీక్ష పేపరు దిద్దే మాస్టారెవరైనా రెండోవారికే మార్కులు వేస్తారు.

కానీ ఈ లెక్కకు అసలు జవాబు x = 1, y = −1. వేసి చూడండి, అణువంత తేడా కూడా రాదు. అంటే మార్కులు పోగొట్టుకున్నవారు అసలు జవాబుకు వెయ్యో వంతు దూరంలో ఉన్నారు. మార్కులు కొట్టేసినవారి x దాదాపు 0.66 మేర, y 0.91 మేర తప్పు!

ఇక్కడ మనం తెలియకుండానే రెండు వేర్వేరు కొలతలు వాడాం. మొదటిది అందరికీ తోచేదే: వచ్చిన జవాబు అసలు జవాబుకు ఎంత దూరంలో ఉంది? దీన్ని ఫార్వర్డ్ ఎర్రర్ అంటారు. రెండోది తిరగేసి అడిగే ప్రశ్న: వచ్చిన ఈ జవాబు అచ్చంగా సరిపోయే లెక్క ఏది, అది మనకిచ్చిన లెక్కకు ఎంత దూరంలో ఉంది? దీని పేరు బ్యాక్‌వర్డ్ ఎర్రర్. (0.341, −0.087) అన్నది 0.217 ఉన్న లెక్కకు తప్పు జవాబు. అదే చోట 0.216999 ఉన్న లెక్కకు మాత్రం నూటికి నూరుపాళ్లూ సరైన జవాబు. దాని ఫార్వర్డ్ ఎర్రర్ చాలా పెద్దది, బ్యాక్‌వర్డ్ ఎర్రర్ చాలా చిన్నది.

పది లక్షల్లో ఒక వంతు మార్పుకు జవాబు అంత దూరం ఎలా జరిగింది? ఒక్కో సమీకరణాన్ని గ్రాఫు కాగితం మీద ఒక్కో గీతగా గీస్తే, ఆ రెండూ కలిసే చోటే జవాబు. మొదటి గీత వాలు −1.385435, రెండోదాని వాలు −1.385432. కంటికి రెండూ ఒకే గీతలా కనిపిస్తాయి. ఒకదాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిపితే, అవి కలిసే బిందువు గీత వెంట ఎంతో దూరం జారిపోతుంది. లెక్కలో చెప్పాలంటే, గుణకాలను అడ్డంగా గుణించి తీసివేసినప్పుడు వచ్చే విలువ, అంటే నిర్ధారకం, 0.514020 − 0.514019 = 0.000001. సమీకరణాలు సాధించేటప్పుడు చివర్లో ఈ సంఖ్యతోనే భాగించాలి. పది లక్షల్లో ఒక వంతుతో భాగించడమంటే పది లక్షలతో గుణించడమే కదా! అందుకే 0.217లో వచ్చిన 0.000001 మార్పు xలో 0.659గానూ, yలో 0.913గానూ తేలింది.

ఇచ్చిన అంకెలు కొద్దిగా కదిలితే జవాబు ఎన్ని రెట్లు ఎక్కువగా కదలవచ్చో చెప్పే సంఖ్యను కండిషన్ నంబర్ అంటారు. మన లెక్కకు అది దాదాపు 22 లక్షలు. అది లెక్కకు పుట్టుకతో వచ్చిన గుణం. ఏ పద్ధతిలో సాధించినా, ఏ యంత్రం మీద సాధించినా మారదు. పై మూడు మాటలనూ కలిపే సూత్రం ఒకటుంది: ఫార్వర్డ్ ఎర్రర్ సుమారుగా బ్యాక్‌వర్డ్ ఎర్రర్‌ను కండిషన్ నంబర్‌తో గుణించినంత దాకా ఉండవచ్చు. అంటే జవాబులోని తప్పుకు బాధ్యులు ఇద్దరు. కండిషన్ నంబర్ లెక్క వాటా, బ్యాక్‌వర్డ్ ఎర్రర్ సాధించిన పద్ధతి వాటా.

మరి పద్ధతిదే తప్పయితే ఎలా ఉంటుంది? అది చూడటానికి ఇంకో జత:

```
0.0001x + y = 1
     x + y = 2
```

ఈ గీతలు రెండూ స్పష్టంగా వేర్వేరు దిక్కులకు పోతాయి. కండిషన్ నంబర్ మూడు కంటే తక్కువ. జవాబు x = 1.0001, y = 0.9999కు చాలా దగ్గర. ఇప్పుడు ప్రతి అడుగులోనూ మూడు సార్థక అంకెలే ఉంచుకునే యంత్రంతో దీన్ని సాధిద్దాం. మొదటి సమీకరణాన్ని 10000తో గుణించి, రెండోదాని నుంచి తీసేస్తే x పోయి −9999y = −9998 మిగలాలి. మూడు అంకెలకే కుదించాలి కాబట్టి యంత్రం రెండిటినీ −10000గా రాసుకుంటుంది. దాంతో y = 1. దాన్ని మొదటి సమీకరణంలో వేస్తే 0.0001x = 0, అంటే x = 0. కావలసిన x ఒకటి, వచ్చినది సున్నా.

ఈసారి తప్పు ఎక్కడిదో జవాబును తిరిగి వేస్తే బయటపడుతుంది. రెండో సమీకరణంలో 0 + 1 = 1 వచ్చింది, రావలసింది 2. ఈ జవాబు సరిపోయే లెక్క కావాలంటే 2ను 1 చేయడం లాంటి పెద్ద మార్పే చేయాలి. ఇచ్చిన లెక్కకు దగ్గర్లో అలాంటి లెక్క ఏదీ లేదు. నిజానికి ఆ 2 బదులు 3 ఉన్నా 4 ఉన్నా యంత్రం ఇదే జవాబు ఇచ్చేది. 10000తో గుణించగానే వచ్చిన పెద్ద అంకెల కింద రెండో సమీకరణంలోని సమాచారం తుడిచిపెట్టుకుపోయింది. విరుగుడు తేలికే: సమీకరణాల వరస మార్చి, x ముందు పెద్ద గుణకం ఉన్నదాన్ని పైకి తేవాలి. అప్పుడు 10000తో కాక 0.0001తో గుణిస్తాం, అదే మూడంకెల యంత్రం x = 1, y = 1 ఇస్తుంది. ఇలా వరస మార్చడాన్ని పివటింగ్ అంటారు.

బ్యాక్‌వర్డ్ స్టేబుల్ అల్గారిథమ్ అంటే ఏమిటో ఇప్పుడు చెప్పవచ్చు. ఏ అంకెలు ఇచ్చినా సరే, అది తెచ్చే జవాబు ఇచ్చిన లెక్కకు అతి దగ్గరగా ఉన్న మరో లెక్కకు అచ్చమైన జవాబై ఉండాలి. ‘అతి దగ్గర’ అంటే యంత్రం అంకెలను కుదించడంలో వచ్చే తేడాకు కొన్ని రెట్లు మాత్రమే. నేటి కంప్యూటర్లలో మామూలుగా వాడే 64 బిట్ల సంఖ్యలకు ఆ తేడా దాదాపు 10<sup>−16</sup>. జవాబు సరైనదేనన్న హామీ ఇందులో లేదని గమనించాలి. లెక్క పెట్టే ఇబ్బందికి అల్గారిథమ్ తన వంతుగా చెప్పుకోదగ్గదేమీ కలపలేదన్నదే హామీ.

ఈ చూపును స్థిరపరచినవాడు బ్రిటిష్ గణితవేత్త జేమ్స్ విల్కిన్సన్. 1940లలో పెద్ద సమీకరణాల గుంపులను కంప్యూటర్‌తో సాధించడం మీద నిపుణులకే నమ్మకం లేదు. ఒక్కో సమీకరణం పెరిగేకొద్దీ తప్పు నాలుగేసి రెట్లు పెరగవచ్చని 1943లో హెరాల్డ్ హోటలింగ్ అంచనా కట్టాడు. ఆ లెక్కన 18 సమీకరణాలుంటే పది దశాంశ స్థానాలు పెట్టుకున్నా చివరికి ఒక్క అంకె కూడా నమ్మకంగా మిగలదు. సరిగ్గా అలాంటి 18 సమీకరణాల లెక్కే, విల్కిన్సన్ 1946లో చేరిన టెడింగ్టన్‌లోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీకి వచ్చింది. బల్ల మీద పెట్టుకునే గణన యంత్రాలతో విల్కిన్సన్, లెస్లీ ఫాక్స్, గుడ్విన్, అలన్ ట్యూరింగ్ కలిసి దాన్ని సాధించారు. అది విఫలమవుతుందనే ట్యూరింగ్ అనుకున్నాడు. తీరా జవాబును తిరిగి వేస్తే తేడా పదో దశాంశ స్థానంలో ఉంది. జవాబులో మాత్రం దాదాపు ఆరు అంకెలే సరైనవని తర్వాతి సవరణలో తేలింది. మన మొదటి లెక్కలో చూసిన వింతే ఇది. ఆరు అంకెలే నిలవడానికి కారణం లెక్క స్వభావం. పద్ధతి తన పని చక్కగా చేసింది. తప్పు అడుగడుక్కీ ఎంత పేరుకుంటుందో లెక్కగట్టడం మాని, దాన్నంతా ఇచ్చిన అంకెల మీదికి వెనక్కి నెట్టి చూస్తే భయపడినంత పెరుగుదల కనిపించదని విల్కిన్సన్ ఆ తర్వాతి ఏళ్లలో నిరూపించాడు. 1970 ట్యూరింగ్ అవార్డు ఆయనకే దక్కింది.

తప్పును ఇచ్చిన అంకెల మీదికి నెట్టడం తప్పించుకునే ఎత్తులా అనిపించవచ్చు. కానీ ఆ అంకెలు ఎక్కడివి? 0.217 అన్నది ఏదో కొలత అయితే, అసలు విలువ 0.2165 నుంచి 0.2175 దాకా ఎక్కడైనా ఉండవచ్చు. ఆ ఒక్క అనుమానంతోనే మన x విలువ −328 నుంచి 330 దాకా ఎక్కడైనా పడవచ్చు. అలాంటప్పుడు 0.341 సరైనదా, 1 సరైనదా అన్న వాదనకు అర్థం లేదు. కొలతలోని అనుమానం కంటే బ్యాక్‌వర్డ్ ఎర్రర్ చిన్నదైతే, ఆ కొలతల నుంచి రాబట్టగలిగినంతా అల్గారిథమ్ రాబట్టేసినట్టే.

ఈ కొలతకు ఇంకో సుగుణం ఉంది. ఫార్వర్డ్ ఎర్రర్ తెలియాలంటే అసలు జవాబు తెలియాలి, అది తెలిస్తే కంప్యూటరెందుకు? బ్యాక్‌వర్డ్ ఎర్రర్‌కు మాత్రం చేతిలో ఉన్న జవాబును సమీకరణాల్లో వేసి, మిగిలిన తేడాను గుణకాల, జవాబుల పరిమాణంతో పోల్చి చూస్తే చాలు. సమీకరణాల సాధనకు ప్రపంచమంతా వాడే `LAPACK` ప్రోగ్రాముల్లో `dgesvx` అనేది జవాబుతో పాటు `BERR` పేరుతో బ్యాక్‌వర్డ్ ఎర్రర్‌నూ, `RCOND` పేరుతో కండిషన్ నంబర్ విలోమం అంచనానూ ఇస్తుంది. `RCOND` 10<sup>−6</sup> దగ్గర ఉంటే, పదహారు అంకెల్లో ఆరు దాకా పోవచ్చని అర్థం.

హద్దులు కూడా ఉన్నాయి. వరస మార్చి సాధించే పద్ధతికి అన్ని వేళలా పనికొచ్చే హామీ లేదు. ఒక్కో సమీకరణానికీ మధ్యలో వచ్చే అంకెలు రెట్టింపవుతూ పోయే లెక్కలను విల్కిన్సనే చూపించాడు. నిజ జీవితపు లెక్కల్లో అవి చాలా అరుదు కాబట్టే ఆ పద్ధతి నేటికీ నడుస్తోంది. గట్టి హామీ కావలసినవారు హౌస్‌హోల్డర్ పద్ధతిని వాడతారు. రెండు సమీకరణాలకు బదులు వేల సమీకరణాలుంటే దానికి ఖర్చు సుమారు రెండింతలు.

కాబట్టి కంప్యూటర్ ఇచ్చిన జవాబు అనుమానంగా ఉన్నప్పుడు ముందు చూడవలసింది బ్యాక్‌వర్డ్ ఎర్రర్. అది పెద్దదైతే అల్గారిథమ్ మార్చాలి. అది చిన్నదై, కండిషన్ నంబర్ పెద్దదైతే అల్గారిథమ్ మార్చి లాభం లేదు. ఇచ్చిన అంకెలు కచ్చితమైనవైతే ఎక్కువ అంకెలతో గణించవచ్చు. అవి కొలతలైతే మరింత నిశితంగా కొలవాలి, లేదా అంతగా అతుక్కుపోని రెండు సమీకరణాలు వచ్చేలా ఆ ప్రయోగాన్నే వేరేగా రూపొందించుకోవాలి.